జీపీఏ అంటే మార్కులు కాదు: ఒక జబ్బు పేరు మారిన కథ

"అక్కా, మా అమ్మకి ఒక జబ్బే అనుకున్నాం. ఇక్కడికొచ్చాక మూడని తేలింది" అన్నాడు మా ఎడిసన్‌లో పక్క వీధి కుర్రాడు, ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి. గొంతులో నిద్ర లేదు. కాగితాలన్నీ పట్టుకుని ఇంటికి రమ్మన్నాను.

నేను డాక్టర్ని కాదు, మెడికల్ కోడర్ని. అమీర్‌పేటలో కోర్సు చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, తర్వాత ఇక్కడికొచ్చి అదే పని చేస్తున్నాను. డాక్టర్ రాసిన జబ్బుకి ఇన్సూరెన్స్ వాళ్లకి అర్థమయ్యే నంబర్ వేయడం నా ఉద్యోగం. అందుకే మన వాళ్లలో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా ముందు నా దగ్గరికే వస్తుంది.

అతను టేబుల్ మీద మూడు కాగితాలు పరిచాడు. హైదరాబాద్ డిశ్చార్జ్ సమ్మరీలో "వెగెనర్స్ గ్రాన్యులోమటోసిస్" అని ఉంది. ఇక్కడి కీళ్ల డాక్టర్, అంటే రుమటాలజిస్ట్, రాసిన ఉత్తరంలో "జీపీఏ" అని ఉంది. కిడ్నీ డాక్టర్ ల్యాబ్‌కి రాసిన చీటీలో "ఆంకా వాస్కులైటిస్" అని ఉంది. "జీపీఏ చూసి నవ్వొచ్చింది మొదట. మా అమ్మకి ఈ వయసులో మార్కులేంటి అనుకున్నా" అన్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రాత్రి కూర్చుని హైదరాబాద్ కాగితంలోని పేరు కొట్టి వెతికాడట. ఎక్కడో పాత వ్యాసంలో సగటున ఐదు నెలలు బతుకుతారని కనిపించింది. మూడు రోజులు ఆ సంగతి భార్యకి కూడా చెప్పకుండా మనసులో పెట్టుకున్నాడు.

ఆ మూడు కాగితాల్లోనూ ఉన్నది ఒక్క జబ్బే. చివరిది ఆ జబ్బు చేరే కుటుంబం పేరు, మొదటి రెండూ ఆ జబ్బు పాత పేరూ, కొత్త పేరూ. ఆ ఐదు నెలల లెక్క 1958లో అచ్చయినది, మందు లేని కాలం నాటిది. అది చెప్పగానే అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "మరి పేరెందుకు మార్చారక్కా?"

ఆ రోజు నేను చెప్పిన జవాబు పొట్టిది. పూర్తి జవాబు ఇది.

ముందు జబ్బు సంగతి. మన ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే దారి తప్పి చిన్న రక్తనాళాల మీద పడుతుంది. ఎక్కువగా ముక్కు, సైనస్‌లు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. ముక్కులో పక్కులు కట్టి రక్తం పడటం, ఎన్ని మందులు వాడినా తగ్గని సైనస్, చెవి దిబ్బడ, దగ్గులో రక్తం, కొందరిలో ముక్కు దూలం కుంగిపోయి గుర్రపు జీనులా కావడం దీని లక్షణాలు. కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు మాత్రం నొప్పి ఉండదు. మూత్రంలో రక్తం, ప్రొటీన్ పరీక్షలోనే తెలుస్తాయి.

మన దేశంలో ఇది తరచుగా టీబీ వేషంలో కనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గడ్డలు, బొరియలు, దగ్గులో రక్తం, జ్వరం, బరువు తగ్గడం చూస్తే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. ఈ పెద్దావిడకీ అదే జరిగింది. కొన్ని నెలలు టీబీ మందులు మింగింది. కళ్లెలో ఎన్నిసార్లు చూసినా టీబీ క్రిమి కనపడలేదు, మందులు పనిచేయలేదు, ముక్కులో రక్తం ఆగలేదు. చివరికి ఎవరో మూత్రం పరీక్ష చేయించి, ఆంకా అనే రక్త పరీక్ష రాసి, ముక్కులోంచి చిన్న ముక్క తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆంకా అంటే మన తెల్ల రక్తకణాల మీదికే తిరగబడే యాంటీబాడీలు. ఈ జబ్బుతో వాటికున్న సంబంధం 1985లో తెలిసింది.

ఇక పేరు. ఫ్రెడరిక్ వెగెనర్ జర్మన్ పాథాలజిస్ట్, అంటే చనిపోయిన వాళ్ల అవయవాల్ని పరీక్షించి కారణం చెప్పే డాక్టర్. 1936లో ఒక సమావేశంలో, 1939లో వివరంగా రాసిన వ్యాసంలో, ముగ్గురు రోగుల్లో తను చూసిన మార్పుల్ని వర్ణించాడు. అతనే మొదటివాడు కాదు. అతని స్నేహితుడు హైంజ్ క్లింగర్ 1931లోనే ఇలాంటి కేసు రాశాడు. అంతకుముందే 1897లో పీటర్ మెక్‌బ్రైడ్ అనే స్కాట్లాండ్ డాక్టర్, ముక్కు వేగంగా తినేసుకుపోయిన ఒక రోగి గురించి ప్రచురించాడు. అయితే దీన్ని ప్రత్యేకమైన ఒక జబ్బుగా విడదీసి చూపింది వెగెనరే. ఆ పేరు ఇంగ్లీషు ప్రపంచంలో స్థిరపడింది మాత్రం జర్మనీలో కాదు, న్యూయార్క్‌లో. 1954లో గేబ్రియల్ గాడ్మన్, జేకబ్ చుర్గ్ అనే ఇద్దరు డాక్టర్లు అప్పటిదాకా వచ్చిన కేసులన్నీ పరిశీలించి, ఈ జబ్బుని ఎలా గుర్తించాలో రాసి, దానికి వెగెనర్ పేరుతోనే శీర్షిక పెట్టారు.

ఈ జేకబ్ చుర్గ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1970లలో ఈ జబ్బు కథ మారింది. అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్‌లో షెల్డన్ వుల్ఫ్, ఆంథొనీ ఫౌచీ కలిసి సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందుని తక్కువ డోసులో, స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చారు. అవును, కోవిడ్ రోజుల్లో మనం రోజూ టీవీలో చూసిన ఫౌచీయే. 1983లో వాళ్లు 85 మంది రోగుల వివరాలు ప్రచురించారు. 93 శాతం మందిలో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది. అంతకుముందు మందు లేని రోజుల్లో 82 శాతం మంది ఏడాదిలోపే పోయేవాళ్లు. మా కుర్రాడు రాత్రి చదివింది ఆ మొదటి అంకం మాత్రమే.

1989లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ అనే ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘం వెగెనర్‌ని "మాస్టర్ క్లినీషియన్" బిరుదుతో గౌరవించింది. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు. అంతా సవ్యంగా ముగిసినట్టే కనిపించింది. 2000లో ఆయన నాజీ గతం బయటపడింది. సంఘం ఇచ్చిన బిరుదుని వెనక్కి తీసుకుంది, జబ్బు పేరు మార్చాలని కూడా అడిగింది.

ఆ తర్వాత మిన్నెసోటా మేయో క్లినిక్‌లోని ఎరిక్ మాటెసన్, ఆయనతో పాటు అలెగ్జాండర్ వోయ్‌వోట్ అనే కిడ్నీ డాక్టర్ పాత దస్తావేజుల్లో వెతికి 2006లో వివరాలు ప్రచురించారు. వెగెనర్ 1932లోనే, అంటే హిట్లర్ గద్దె ఎక్కకముందే, నాజీల గూండా దళం ఎస్ఏలో చేరాడు. ఉద్యోగం కాపాడుకోవడానికి తర్వాత చేరినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అధికారం రాకముందే చేరడం వేరు. 1933లో పార్టీ సభ్యుడయ్యాడు. యుద్ధకాలంలో ఆక్రమిత పోలాండ్‌లోని వూచ్ నగరంలో వైద్యాధికారిగా పనిచేశాడు. యూదుల్ని కుక్కిన పెద్ద వాడ ఒకటి ఆ ఊళ్లోనే ఉంది. యుద్ధం తర్వాత పోలాండ్ వాళ్లు వెతుకుతున్న నిందితుల జాబితాలో అతని పేరు ఉంది. కానీ విచారణ జరగలేదు. మనుషుల మీద ప్రయోగాలు చేశాడని రుజువూ దొరకలేదు. ఈ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో ఈ కథ తిరిగేటప్పుడు "ప్రయోగాలు చేసిన రాక్షసుడు" అని తిరుగుతుంది. తెలిసినంతవరకు అతను ఇష్టపడి చేరిన నాజీ. అంతకుమించి అనుమానాలే.

రుజువైన కేసు కావాలంటే పక్కనే ఇంకొకటుంది. కీళ్లనొప్పి, కళ్ల మంట, మూత్రనాళంలో మంట కలిసి వచ్చే జబ్బుకి ఒకప్పుడు రైటర్స్ సిండ్రోమ్ అని పేరు. హాన్స్ రైటర్ నాజీ ప్రభుత్వంలో ప్రజారోగ్య సంస్థ అధిపతి. బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీల మీద జరిగిన టైఫస్ టీకా ప్రయోగంలో అతని ప్రమేయం ఉంది, ఆ ప్రయోగంలో ఎంతోమంది చచ్చిపోయారు. ఆ పేరుని 1942లో అమెరికా వైద్య పత్రికల్లోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరు ఎఫ్రాయిమ్ ఎంగెల్మన్. ఆయన దీర్ఘాయుష్మంతుడు, నూటనాలుగేళ్లు బతికాడు. 65 ఏళ్ల తర్వాత, 2007లో, ఇంకొందరు డాక్టర్లతో కలిసి "ఆ పేరు వాడమని మేం చేసిన సూచనని ఉపసంహరించుకుంటున్నాం" అని అచ్చులో ప్రకటించాడు. తను పెట్టిన పేరుని తనే వెనక్కి తీసుకునేంత ఆయుష్షు, ఓపిక రెండూ ఉన్న మనిషి. ఇప్పుడు ఆ జబ్బు పేరు రియాక్టివ్ ఆర్థ్రైటిస్.

వెగెనర్ విషయంలో నిర్ణయం 2011లో వచ్చింది. అమెరికాలోని కీళ్ల డాక్టర్ల సంఘం, కిడ్నీ డాక్టర్ల సంఘం, యూరప్‌లోని కీళ్ల వ్యాధుల సంఘం మూడూ కలిసి ఒకే ప్రకటన చేశాయి. మనుషుల్ని గౌరవించే పేర్ల నుంచి జబ్బుని వర్ణించే పేర్లకి క్రమంగా మారదాం, మొదటి మార్పు ఇదే అన్నాయి. కొత్త పేరు "గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్". గ్రాన్యులోమాలంటే కణాలు గుమిగూడి కట్టిన చిన్న గడ్డలు, పాలీయాంజైటిస్ అంటే చాలా రక్తనాళాల్లో వాపు. పొట్టిగా జీపీఏ. కొన్నేళ్లు పక్కన బ్రాకెట్లో పాత పేరు కూడా రాయండి, అలవాటయ్యాక తీసేయండి అన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఈ జబ్బుకి రిటుక్సిమాబ్ అనే మందుని ఎఫ్‌డీఏ ఆమోదించింది. పెద్దావిడకి ఇప్పుడు ఇస్తున్నది అదే.

ఇక్కడితో ఆగి ఉంటే కథ సూటిగా ఉండేది. నాజీ పేరు తీసేశారు, మంచి పని చేశారు. కానీ క్రమంగా మారదాం అన్న సూత్రం ఒక్క వెగెనర్‌తో ఆగేది కాదు కదా. 2012లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్ పేరుతో పిలిచే అంతర్జాతీయ నిపుణుల బృందం రక్తనాళాల జబ్బులన్నిటి పేర్లనీ మళ్లీ సరిచూసింది. హెనోక్-షోన్‌లైన్ పర్ప్యూరా పోయి ఐజీఏ వాస్కులైటిస్ వచ్చింది. చుర్గ్-స్ట్రాస్ సిండ్రోమ్ పోయి "ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్", అంటే ఈజీపీఏ వచ్చింది.

చుర్గ్ అంటే ఆ జేకబ్ చుర్గ్‌యే. ఇప్పటి బెలారుస్ ప్రాంతంలో పుట్టిన యూదుడు, 1936లో అమెరికా చేరాడు. లోటె స్ట్రాస్ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పుట్టిన యూదు స్త్రీ, హిట్లర్ రోజుల్లో దేశం వదిలి న్యూయార్క్ వచ్చింది. ఇద్దరూ మౌంట్ సైనై ఆసుపత్రిలో పాథాలజిస్టులు. ఉబ్బసంతో మొదలై రక్తనాళాల్ని పాడుచేసే జబ్బుని 1951లో కలిసి వర్ణించారు. నాజీల వల్ల దేశం విడిచినామె ఒకరు, ఆ గాలి తగిలే నేల నుంచి ముందే వచ్చేసినాయన ఒకరు. వెగెనర్ పేరుని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్లలో ఒకడు అదే చుర్గ్, ఆ గతమేమీ తెలియకుండానే. చివరికి ఒకే సంస్కరణలో నాజీ పేరూ పోయింది, అటువంటి వాళ్ల పాలన నుంచి పారిపోయి వచ్చినామె పేరూ పోయింది. తప్పు చేసినందుకు ఒక పేరు, కేవలం మనిషి పేరైనందుకు ఇంకొకటి.

నాకిది చదివినప్పుడు మనసు ఒప్పలేదు. డాక్టర్లు మాత్రం రెండిటినీ వేర్వేరు కారణాలతో సమర్థిస్తారు. చాపెల్ హిల్ వాళ్ల తర్కం కొంత నిదానంగా వింటే అర్థమవుతుంది. జబ్బు ఎలా పుడుతుందో తెలిసిన చోట వర్ణించే పేరు పెట్టారు, తెలియని చోట మనిషి పేరే ఉంచారు. అందుకే కవాసాకి వ్యాధి, తకయాసు వ్యాధి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కారణం తెలియనప్పుడు వర్ణనతో పేరు పెడితే, రేపు ఆ వర్ణన తప్పని తేలితే మళ్లీ మార్చాలి. మనిషి పేరుకి ఆ బాధ లేదు, అది జబ్బు గురించి ఏమీ చెప్పదు గనక తప్పూ చెప్పదు.

ఈ వాదన పాతదే. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ "మనుషుల పేర్లు వదిలేయాలా" అని చర్చ పెడితే, వదిలేయాలని రాసింది ఆ వోయ్‌వోట్, మాటెసన్‌లే. వద్దని రాసింది ఆస్ట్రేలియా డాక్టర్ జూడిత్ విట్‌వర్త్. డాక్టరు కాని నేను తీర్పు చెప్పలేను. నా బల్ల మీద ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

2018లో అనుకుంటా. ఒక పేషెంట్‌కి మెపోలిజుమాబ్ ఇంజెక్షన్ కావాలని డాక్టర్ రాశారు. ఖరీదైన మందు, ముందుగా ఇన్సూరెన్స్ అనుమతి తెచ్చుకోవాలి. రిఫరల్ ఫ్యాక్స్‌లో వచ్చింది, ఎడమ అంచు కాస్త కట్ అయింది. నాకు "జీపీఏ" అని కనిపించింది, M31.30 వేశాను. అంటే కిడ్నీ దెబ్బతినని వెగెనర్స్. రెండు వారాల తర్వాత అనుమతి తిరస్కరించారు. ఆ మందుకి అప్పటికి కొద్ది నెలల ముందు, 2017 డిసెంబర్‌లో, అనుమతి వచ్చింది ఈజీపీఏకి, అంటే పాత చుర్గ్-స్ట్రాస్‌కి. జీపీఏకి కాదు. ఫ్యాక్స్ అంచులో పోయిన ఒక్క అక్షరం ఈ.

చార్ట్ మళ్లీ తెరిచాను. ఆ పేషెంట్‌కి పదేళ్ల ఉబ్బసం ఉంది, ఇయోసినోఫిల్స్ అనే రక్తకణాలు బాగా ఎక్కువ ఉన్నాయి. ఈ రెండూ ఈజీపీఏ వైపు చూపిస్తాయి. ముక్కులో పక్కులు, పీఆర్3 అనే రకం ఆంకా పాజిటివ్, కిడ్నీ దెబ్బ ఉంటే జీపీఏ వైపు చూపిస్తాయి. అది తెలిసినా కోడర్ సొంతంగా జబ్బు మార్చకూడదు, డాక్టర్‌ని లిఖితపూర్వకంగా అడగాలి. అడిగాను. జవాబు వచ్చింది, M30.1కి మార్చాను, మళ్లీ పంపాను. మొత్తం ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాలూ ఆ పేషెంట్ స్టెరాయిడ్ డోసు తగ్గించలేక వాడుతూనే ఉన్నాడు. తప్పు నాదే, ఫ్యాక్స్‌ని నిందించను. ఇంగ్లీషులో వెగెనర్ ఎక్కడ, చుర్గ్-స్ట్రాస్ ఎక్కడ? ఎంత చెడ్డ ఫ్యాక్స్‌లోనైనా ఆ రెండిటినీ ఎవరూ ఒకటి అనుకోలేరు. జీపీఏ, ఈజీపీఏ, వీటికి తోడు ఎంపీఏ అని ఇంకొక దాయాది కూడా ఉంది. వర్ణించే పేర్లు పొడవైనవి, పొడవైనవన్నీ మూడు నాలుగు అక్షరాలకి కుదించుకుంటాయి, కుదించినవన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మార్పు కోరినవాళ్లు ఈ ఖర్చుని తగినంత లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

అయినా వెగెనర్ పేరు పోవడం నాకు ఇష్టమే. పేషెంట్ తరఫు నుంచి ఆలోచిస్తే చాలు. న్యూయార్క్‌లో, న్యూజెర్సీలో యూదు కుటుంబాల పెద్దలకి ఈ జబ్బు వచ్చినప్పుడు, ఆ పేరు జీవితాంతం తమ చార్ట్ మీద, తమ నోట్లో ఉండాలా? ఇక చుర్గ్-స్ట్రాస్ దగ్గరికొస్తే ఇష్టం లేదు. ఈ రెండు అభిప్రాయాలకీ పొంతన ఎలా అంటే, నాకు తెలుగు బుర్ర ఉంది గనక అంటాను. హార్వర్డ్‌లో 1925లో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన ప్రొఫెసర్ సైరస్ ఫిస్క్ కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతే. దాన్ని తీసేసి "ఫాస్ఫోమాలిబ్డేట్ వర్ణ పద్ధతి" అని పెడదాం అంటే శాస్త్రపరంగా అభ్యంతరం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒప్పుకుంటానా? ఒప్పుకోను. ఆయన పేరు అమెరికా ల్యాబుల్లో మిగిలింది ఆ కాస్తే.

ఇంతకీ మా కుర్రాడి కాగితాల్లో నాలుగోది ఒకటి వారం తర్వాత వచ్చింది. ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ, అంటే ఎవరికి ఎంత కట్టామో చెప్పే లెక్క. అందులో కోడ్ M31.31. పక్కన జబ్బు పేరు మళ్లీ వెగెనర్. "2011లో తీసేశారన్నావుగా అక్కా?" అని నిలదీశాడు.

తీసేసింది డాక్టర్లు. కోడ్ పుస్తకం వేరే లోకం. అమెరికా 2015 అక్టోబర్‌లో ఐసీడీ-10కి మారింది. ఆ పుస్తకంలో M31.3 శీర్షిక వెగెనర్స్ గ్రాన్యులోమటోసిస్. కిడ్నీ దెబ్బతినకపోతే చివర సున్నా, దెబ్బతింటే ఒకటి. M02.3 రైటర్స్ డిసీజ్. F84.5 ఆస్పర్గర్స్ సిండ్రోమ్. ఆస్పర్గర్ సంగతి మన పిల్లల తల్లిదండ్రులు చాలామందికి తెలుసు. 2013లో అమెరికా సైకియాట్రీ పుస్తకం డీఎస్ఎం-5 దాన్ని ఆటిజంలో కలిపేసింది, అప్పుడు చెప్పిన కారణం నాజీలు కాదు, రోగనిర్ధారణలో స్పష్టత. నాజీ వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ పిల్లల్ని ఎక్కడికి పంపాడన్న పరిశోధన 2018లో బయటికొచ్చింది. ఈ మూడు పేర్లూ వైద్య సంఘాలు వదిలేసినవే, మూడూ బిల్లుల్లో బతికే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పుస్తకం ఐసీడీ-11లో జీపీఏ అనే ఉంది, కానీ ఆ పుస్తకాన్ని అమెరికా ఇంకా అమలు చేయలేదు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుండి, ఫైలు ఇండియా నుంచి వస్తుంటే, నేను ఆ కుర్రాడితో చేయించిందే మీరూ చేయండి. ఫైలు మొదటి పేజీ మీద ఒకే వరుసలో కొత్త పేరు పూర్తిగా, పాత పేరు, కిడ్నీ దెబ్బతిన్నదా లేదా, ఏ రకం ఆంకా, బయాప్సీ తేదీ రాయండి. "జీపీఏ" అని పొట్టి అక్షరాలతో ఎక్కడా ఒంటరిగా వదలకండి. కొత్త డాక్టర్ దగ్గర టీబీ మందులు వాడిన నెలలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, టీబీ చరిత్ర వాళ్లకి తప్పక తెలియాలి. చదవాలనిపిస్తే వాస్కులైటిస్ ఫౌండేషన్ వాళ్ల సమాచారం చదవండి. అది కూడా ఒకప్పుడు వెగెనర్ పేరుతో మొదలైన రోగుల సంఘమే, పేరు మార్చుకుంది. పాత పేరుతో వెతికితే పాత లెక్కలే ముందొస్తాయి.

పెద్దావిడ మొన్న పండక్కి కనిపించింది. స్టెరాయిడ్ వల్ల మొహం ఇంకా కాస్త ఉబ్బి ఉంది, కిడ్నీ లెక్కలు నిలకడగా ఉన్నాయట. కొడుకు మొత్తం కథ చెప్పాడట ఆమెకి. "ఎవడో చచ్చినవాడి పేరు నాకెందుకు తగిలించారే అమ్మాయ్, వాడికి నాకు ఏం చుట్టరికం?" అంది. అరిసెల ప్లేటు నా చేతికిచ్చి, "నీ పుస్తకంలో ఎప్పుడు కొట్టేస్తారో చూసి చెప్పు" అంది.

ఐసీడీ కోడ్ పుస్తకానికి మార్పులు కావాలని ఎవరైనా రాసి పంపొచ్చు. సీడీసీ కింద పనిచేసే కమిటీ ఒకటి ఏడాదికి రెండుసార్లు కూర్చుని అవి వింటుంది. ఒప్పుకున్న మార్పులు ఎక్కువగా అక్టోబర్ ఒకటో తేదీ నుంచి అమల్లోకి వస్తాయి. ప్రతి ఏడూ ఆ రోజు కొత్త పుస్తకం తెరవగానే నేను ముందు M31.3 దగ్గరికి వెళ్తాను. ఇంతవరకు శీర్షికలో వెగెనర్ అక్కడే ఉన్నాడు.